ఎడమ స్పీకర్

“…వినిపించుకోరేంటి అంకుల్, రెండూ కౌంటర్ మీదే పెడదాం అంటుంటే! చూడ్డానికి ఎంత బావుంటాయో!”

“చూడ్డానికైతే షోకేసులో పెట్టుకో అమ్మాయ్. వినడానికైతే నేను చెప్పిన చోట పెట్టు. కౌంటర్ ముందు నలుగురు నించున్నారంటే ఆ పాట నలుగురి పొట్టల్లోకీ పోతుంది. వెనక బెంచీ మీద కూర్చున్నవాడికి ఏం మిగుల్తుంది?”

కొట్టు వెనక భాగంలో కాఫీగింజల డ్రమ్ము పక్కన కూర్చున్న కాంతమ్మకి ఈ గొడవ మధ్యలోంచి వినపడింది. అప్పటిదాకా కాఫీమర తిరుగుతోంది. అది ఆగాకనే మాటలు బయటపడ్డాయి. ముందు ఏమనుకున్నారో తెలీదు. ఈమధ్య ఆవిడకి చాలా సంగతులు ఇలాగే మధ్యలోంచి మొదలవుతున్నాయి.

ఢిల్లీ ఆర్.కె. పురంలో ఒక సెక్టారు మార్కెట్టులో, ఫొటోస్టాట్ కొట్టుకీ మందుల షాపుకీ మధ్య పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడుగు ఉన్న కొట్టు అది. ముందు కౌంటరు, కాఫీమర, గోడ వారగా బెంచీ. వెనక ఐదు కిలోల డ్రమ్ము, దాని కింద గ్యాస్ పొయ్యి, పొగ పోవడానికి గొట్టం. భర్త సెంట్రల్ గవర్నమెంట్ క్లర్కుగా ఉండగానే కాంతమ్మ ఈ కొట్టు తెరిచింది. ఆయన పోయాక కూడా మూయలేదు. క్వార్టర్లలో ఉండే తెలుగువాళ్ళు, తమిళులు, కన్నడిగులు ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పొడితోనే పొద్దున్నే లేస్తున్నారు. బదిలీ మీద వెళ్ళినవాళ్ళు ఢిల్లీ వచ్చిన ప్రతిసారీ రెండు కిలోలు కట్టించుకుని పట్టుకెళ్తారు.

ఆ పొడిలో మంత్రమేమీ లేదు. గింజ డ్రమ్ములో రెండుసార్లు పేలుతుంది. మొదటిసారి గట్టిగా, విడివిడిగా, మూకుట్లో జొన్నలు పేలినట్టు. ఆ తర్వాత కాసేపు నిశ్శబ్దం. అప్పుడు రెండోసారి మొదలవుతుంది. అది చాలా సన్నగా, గబగబా, ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టు. ఆ రెండో చప్పుడు అందుకోగానే గింజల్ని కిందికి దించేయాలి. అర నిమిషం ఆలస్యమైతే నూనె తేలి నల్లబడతాయి. రంగు చూసి దించొచ్చు గాని పొగలో రంగు మోసం చేస్తుంది. వాసన చూసి దించొచ్చు గాని అంతకు ముందు వాయి వాసన ముక్కులోంచి పోదు. కాంతమ్మ ఎప్పుడూ చెవినే నమ్ముకుంది.

ఆ చెవే ఇప్పుడు మాట వినడం లేదు.

ఎప్పుడు మొదలైందో ఆవిడకే సరిగ్గా తెలీదు. రెండేళ్ళో, మూడేళ్ళో. పోయిన నెలలో రెండు వాయిలు మాడాయి. ఎవరూ చూడకుండా ఆ గింజల్ని సంచీలో కట్టి, ఇంటికి తీసుకెళ్ళి, గులాబీ కుండీల్లో పోసింది. కొనేవాళ్ళు ఏదైనా అడిగితే సగం వినపడేది. రెండోసారి అడిగించుకోవడం నామోషీగా ఉండి నోరు మూసుకుని పొట్లం కట్టేది. దాంతో సెక్టార్ ఎనిమిది సుభద్ర, “మీ అమ్మకి పొగరు పెరిగిందే, పలకరిస్తే పలకడం లేదు,” అని కూతురు శరణ్యతో అననే అంది.

శరణ్య గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తుంది. శనివారాలు కొట్లో కూర్చుంటుంది. తెలుగు అంతా అర్థమవుతుంది. జవాబు మాత్రం నోటికి ఏ భాష అందితే ఆ భాషలో వస్తుంది. పదిహేను రోజుల కిందట ఆ పిల్ల తల్లి ముందు రెండు మాటలు పెట్టింది. ఒకటి, కొట్లో పాటలు పెట్టాలి. పొడి ఆడేదాకా జనం పది నిమిషాలు కూర్చుంటారు. పక్కనున్న మునిర్కా నుంచి కొత్తగా వస్తున్న కుర్రకారు, ఆ పది నిమిషాలూ మరమోత తప్ప ఏమీ లేక లేచి వెళ్ళిపోతున్నారు. రెండు, ఘాజియాబాద్‌లో ఒకాయన వేపి, ఆడి, ప్యాకెట్లలో పెట్టి పంపుతాడు. ఆ పొడి తెప్పించుకుంటే తల్లికి పొయ్యి ముందు కూర్చునే బాధ ఉండదు. డ్రమ్ము తీసేసిన చోట నాలుగు కుర్చీలు పడతాయి.

“మమ్మీ, అరవై వస్తున్నాయి నీకు. కబ్ తక్, ఇంకెన్నాళ్ళు?”

రెండో మాటకి కాంతమ్మ జవాబు చెప్పలేదు. మొదటిదానికి “వద్దు” అంది. పాట మోగుతుంటే రెండో పేలుడు అసలే అందదు. మాడిన వాయి కూతురి కళ్ళ ముందే దిగుతుంది. ఆపైన ఘాజియాబాద్ ప్యాకెట్లు వాటంతటవే వచ్చేస్తాయి. ఇదంతా ఆవిడ మనసులో అనుకున్నదే గాని పైకి అన్నది కాదు. కారణం చెప్పలేనివాళ్ళు ఎంతకాలం వద్దంటారు? శరణ్య ఒకే రకం స్పీకర్లు రెండు కొనుక్కొచ్చి, రఘురామ్ గారిని పిలుచుకొచ్చింది.

రఘురామ్ ఒక మంత్రిత్వశాఖ సభాభవనంలో ముప్పై ఏళ్ళు మైకులు బిగించి రిటైరయ్యాడు. వారం వారం పావుకిలో పీబెర్రీ గింజల పొడి, చికోరీ కలపకుండా, పట్టుకెళ్తాడు. ఆయన ఏ పనైనా కాగితం మీద గీస్తే తప్ప మొదలుపెట్టడు. ఇప్పుడూ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి కౌంటర్ మీద పరిచాడు. కొట్టు బొమ్మ, అందులో చుక్కలు, గీతలు.

“ముందు ఫోను. నీ చేతిలో ఉన్నది కాదు. దాంట్లో నీకు ఫోనొస్తే పాట ఆగిపోయి నీ రింగు మోగుతుంది. మీ ఆఫీసు వాళ్ళ మెసేజీ టంగుమంటే బెంచీ మీదవాళ్ళు ఉలిక్కిపడతారు.”

“పాతది తెచ్చాను అంకుల్. సిమ్ తీసేశా.”

“శభాష్. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ ఒక్కటే మళ్ళీ ఆన్ చెయ్. రోజంతా ఛార్జర్‌కి తగిలించే ఉంచుతాం కాబట్టి బ్యాటరీ ఎనభై దగ్గర ఆగేలా సెట్టింగ్ ఉందేమో చూడు. లేకపోతే వేసవికి ఉబ్బుతుంది. పాటలేం పెడుతున్నావు?”

“నా యాప్‌లో ప్రీమియం ఉంది కదా—”

“అది నువ్వు ఇంట్లో వినడానికి. కొట్లో పదిమందికి వినిపిస్తే వ్యాపారం. దానికి లైసెన్సు వేరే.”

“అచ్ఛా, అది కూడా చూసుకున్నాలెండి,” అంది శరణ్య, కొంచెం గర్వంగానే. “దుకాణాల కోసమే అమ్మే మ్యూజిక్ ఉంది, సంవత్సరానికి కట్టాలి. వీణ, ఫ్లూట్, మృదంగం. తొమ్మిది గంటలకి సరిపడా ఫోన్లోకి దించేశా. నెట్ పోయినా ఆగదు.”

రఘురామ్ కళ్ళజోడు పైకి తోసి ఆ పిల్లని మొదటిసారి చూసినట్టు చూశాడు. “నువ్వు మా డిపార్ట్‌మెంట్‌లో ఉండాల్సినదానివి.”

కాంతమ్మకి నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు దాచుకుంది.

ఫోను ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఇంకో పది నిమిషాలు నడిచింది. స్టీలు డబ్బాల వెనక పెడతానంది శరణ్య, కనపడకుండా. ఇనుము అడ్డమొస్తే పాట తెగితెగి వస్తుందన్నాడు ఆయన. ఆ పిల్ల నమ్మలేదు. పెట్టి చూపించాడు. పాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఫోను కౌంటర్ పక్క గోడకి, మనిషి తల ఎత్తున, రెండు స్పీకర్లకీ ఎదురుగా ఉండే చెక్క స్టాండులోకి మారింది. కౌంటరు దగ్గర నుంచుని లోపలికి చూస్తే, స్పీకర్లలో ఒకటి కుడివైపు, బెంచీ పైన. ఇంకోటి ఎడమవైపు, కాఫీమరకి ఎగువన, డ్రమ్ముకి రెండు గజాల ఇవతల. రెంటికీ తీగలేసి కరెంటుకి కలపాలన్నాడు. ఛార్జింగ్ మర్చిపోయి మధ్యాహ్నం మూడింటికి ఒకటి మూగబోతే ఎవరూ గమనించరట, రెండోదాని శబ్దం పెంచుకుంటూ పోతారట.

“ఒకటి చాలదా?” అడిగింది కాంతమ్మ. ఆ పొద్దున్న ఆవిడ మాట్లాడిన మొదటి మాట.

“ఒకటైతే చివర కూర్చున్నవాడికి వినపడాలని పెంచుతాం, దగ్గరున్నవాడికి తలనొప్పి. రెండైతే రెండూ తక్కువలో పెట్టొచ్చు. ఇద్దరు మనుషులు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలగాలి కాంతమ్మ గారూ. అదీ లెక్క.”

ఎడమ స్పీకరు తీగ గోడ వెంబడి డ్రమ్ము పక్కనున్న ప్లగ్గు దాకా రావాలి. అక్కడ కాంతమ్మ స్టూలు ఉంది. దాన్ని తర్వాత జరుపుదామని రఘురామ్ ముందు పరీక్ష మొదలుపెట్టాడు.

రెండు స్పీకర్లనీ జత చేసినప్పుడు ఒకటి ఎడమ, ఒకటి కుడి అవుతుంది. ఏది ఏదో తెలుసుకోవాలి. ఫోను సెట్టింగుల్లో ఒక గీత ఉంటుంది. దాని మీద చుక్కని ఒక పక్కకి లాగితే ఆ పక్క స్పీకరొక్కటే మోగుతుంది. ఆయన ఫోను పట్టుకుని కౌంటరు దగ్గర నుంచున్నాడు. శరణ్యని నోరెత్తొద్దన్నాడు.

“మీరే చెప్పాలి. రోజంతా ఇక్కడ కూర్చునేది మీరు. డ్రమ్ముకి వీపు పెట్టి నా వైపు తిరగండి. ఎటు వస్తోంది?”

సన్నగా వేణువు. కాంతమ్మ వింది. ఎదురుగా ఆయన ఉన్నాడు, వెనక డ్రమ్ము ఉంది. కౌంటరు కేసి తిరిగి కూర్చుంటే బెంచీ తన ఎడమకి, కాఫీమర తన కుడికి.

“మర వైపు,” అంది.

“ఇప్పుడు?”

అదే వేణువు. ఆవిడ చెవులు రిక్కించింది. “మర వైపే.”

శరణ్య ఫక్కుమంది. “మమ్మీ, బెంచీ పైన మోగుతోంది!”

“నిన్ను నోరెత్తొద్దన్నానా,” అన్నాడు రఘురామ్. “ఇంకోసారి.”

ఈసారి కాంతమ్మ కూతురి కళ్ళకేసి చూసింది. ఆ పిల్ల చూపు ఎటు పోతే అటు చెబుదామని. శరణ్య బుద్ధిగా నేలకేసి చూస్తూ నుంచుంది.

“మర వైపు,” అంది కాంతమ్మ. ఆ మాట చెప్పేటప్పటికే తప్పని తెలిసిపోయింది.

రఘురామ్ నొసలు ముడిచాడు. స్పీకర్లు తారుమారుగా జతయ్యాయేమోనని రెంటినీ ఆపి, విడదీసి, మళ్ళీ కలిపాడు. మళ్ళీ చుక్క ఆ చివరికీ ఈ చివరికీ లాగాడు. కాంతమ్మకి పాట అంతా మర వైపునుంచే వచ్చింది. బెంచీ వైపు మోగినప్పుడు దూరంగా, మర వైపు మోగినప్పుడు దగ్గరగా. కాని రెండుసార్లూ మర వైపే, తన కుడి వైపే.

ఆయన ఇంక అడగడం మానేశాడు. చుక్కని మధ్యకి తెచ్చి, దాని పైన ఉన్న ఇంకో మీట నొక్కాడు. “రెండు పక్కలా ఒకటే మోగేట్టు పెడుతున్నాను. మోనో అంటారు. కొట్టుకి ఇదే మంచిది. లేకపోతే బెంచీ మీదవాడికి వేణువే, మర దగ్గరవాడికి మృదంగమే.”

“దిఖాయియే అంకుల్,” అంటూ శరణ్య ఫోను అందుకుంది. మళ్ళీ తనే పెట్టుకోవడం నేర్చుకోవాలి కదా. ఆ మీట ఏ పేజీలో ఉందో చూసింది. పేజీ పైన ‘వినికిడి’ అని ఉంది. మీట కింద చిన్న అక్షరాలు. ఒక చెవితో వినేవాళ్ళకి ఏ శబ్దమూ తప్పిపోకుండా, అని.

ఆ పిల్ల చాలాసేపు ఆ వాక్యం చూసింది. తర్వాత తల్లిని చూసింది.

“మమ్మీ. కబ్ సే? ఎప్పట్నించి?”

“ఏది?”

“సున్‌నా. వినపడకపోవడం.”

రఘురామ్ తీగ చుట్టలు విప్పే పనిలో అవసరమైన దానికంటే లోతుగా తల దూర్చాడు.

“ఏమోనే,” అంది కాంతమ్మ. “ఫోను కుడిచెవికే పెట్టుకుంటాగా, తెలీలేదు. వయసు అనుకున్నాను.” డ్రమ్ము కేసి తిరిగి, “పోయిన నెల రెండు వాయిలు మాడాయి. నీకు చెప్పలేదు,” అంది.

“చెప్పాలి కదా! నేనేదో… సుభద్ర ఆంటీ అంటే నేను కూడా… నువ్వు కావాలనే ఎవరితోనూ మాట్లాడ్డం లేదనుకున్నా.”

“చెబితే ఆ ఘాజియాబాద్ ఆయన మర్నాడే ప్యాకెట్లు దింపేవాడు.”

శరణ్య ఫోను తీసుకెళ్ళి గోడ స్టాండులో పెట్టింది.

“పదకొండు కావస్తోంది,” అన్నాడు రఘురామ్ గోడ గడియారం కేసి చూస్తూ. “వాయి వెయ్యరా? నేను పావుకిలో కోసమే వచ్చాను. వైర్లు బిగించడానికి కాదు.”

కాంతమ్మ లేచి పొయ్యి వెలిగించింది. డ్రమ్ము వేడెక్కేలోపు ఆయన ఎడమ స్పీకరు తీగని గోడకి మేకులు కొట్టి ప్లగ్గు దాకా తెచ్చాడు. స్టూలు అక్కడుంటే కాలు తగిలి ఊడుతుందని దాన్ని ఎత్తి డ్రమ్ముకి అటుపక్క పెట్టాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ స్టూలు ఒకే చోట ఉంది. నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులూ తెల్లగా మిగిలాయి.

“ఇక్కడైతే ఇబ్బందా?”

“చూద్దాం లెండి.”

నాలుగు కిలోల పచ్చి గింజలు డ్రమ్ములో పోసి అటుపక్క కూర్చుంది. చెయ్యి అలవాటుగా గ్యాస్ మీట కోసం ఎడమకి పోయి గాలిని తడిమింది. మీట ఇప్పుడు కుడివైపు ఉంది. డ్రమ్ము కూడా కుడివైపే ఉంది. కొట్లో వీణ మోగుతోంది. ఆయన చెప్పినట్టే తక్కువలో, అడిగితే తప్ప వినపడనంత. శరణ్య కౌంటరు దగ్గర ఒకావిడకి అరకిలో తూస్తోంది. తూస్తూ మధ్యమధ్య వెనక్కి చూస్తోంది.

ఐదు నిమిషాలకి గింజ పసుపెక్కింది. గడ్డి వాసన పోయి రొట్టె కాలిన వాసన వచ్చింది. పదో నిమిషంలో మొదటి పేలుడు, టప్పుటప్పుమని. అది ఆవిడకి ఎప్పుడూ వినపడేదే. ఆ తర్వాత డ్రమ్ము తిరిగే గరగర, పొయ్యి బుసబుస.

“పాట ఆపనా మమ్మీ?” కౌంటరు దగ్గర్నుంచి అడిగింది శరణ్య.

కాంతమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. తల కొంచెం వంచింది. కుడిచెవి డ్రమ్ముకి జానెడు దూరంలో ఉంది. వేడికి చెంప మండుతోంది. ఒక నిమిషం. రెండు. పొగ చిక్కబడుతోంది. డ్రమ్ము మూతకున్న, రంగు చూసే అద్దంలోంచి గింజలు నల్లగా కనపడ్డాయి. భయం వేసింది. దించేద్దామని మీట మీద చెయ్యి వేసింది. తీసింది.

అప్పుడు వచ్చింది. ఎండుటాకులు. ఒకటి, ఆగి రెండు, ఇంక వరసగా, సన్నగా, పక్కనే.

మూత ఎత్తి డ్రమ్ము వంచింది. గింజలు జల్లెడ పళ్ళెంలోకి జలజల దిగాయి. చెక్క గరిటెతో తిరగేసింది. పొగ గొట్టంలోకి లేచిపోయింది. పండిన రేగుపండు రంగు. నూనె ఎక్కడా లేదు.

రఘురామ్ వచ్చి పళ్ళెం మీదికి వంగి వాసన చూశాడు. ఒక గింజ నోట్లో వేసుకుని కొరికాడు. ఇంకోటి తీసుకున్నాడు.

“ముప్పై ఏళ్ళు సభల్లో ఇదే చూశాను,” అన్నాడు నములుతూ. “వినపడలేదని అందరూ మైకుని తిడతారు. పోయి కుర్చీ మార్చుకునేవాడు ఒక్కడుండడు.”

“నేనూ మార్చుకోలేదుగా. మీరే మార్చారు, ప్లగ్గు కోసం.”

“అది మాత్రం నిజం,” అని ఆయన ఒప్పుకున్నాడు.

శరణ్య కౌంటరు వదిలి వచ్చింది. పళ్ళెం చూసింది, తల్లి ఎర్రబడ్డ చెంప చూసింది. “ఠీక్ హై,” అంది నెమ్మదిగా. “ఘాజియాబాద్ వాళ్ళకి ఏం చెప్పను?”

“అడిగింది నువ్వు. చెప్పేది కూడా నువ్వే.”

“వద్దని చెప్తా. కానీ స్టూలు మారిస్తే చెవి బాగైనట్టు కాదు మమ్మీ. రెండోదానికి కూడా వస్తే?”

కాంతమ్మ గరిటె తిప్పుతూనే ఉంది. అసలే వినపడకుండా పోతే అన్న ప్రశ్న రాత్రుళ్ళు తనని తాను అడుగుతూనే ఉంది. ఇంకొకరి నోట పగటిపూట వింటే అది అంత పెద్దదిగా లేదు. బెంచీ మీద కొత్త కుర్రాళ్ళిద్దరు కూర్చుని ఉన్నారు. మర ఆగిన తర్వాత కూడా ఏదో మాట్లాడుకుంటూ లేవలేదు. వాళ్ళ మాటలు ఆవిడకి అర్థం కాలేదు గాని మాట్లాడుకుంటున్నారని తెలిసింది.

అప్పుడే కేశవరావు గారు మెట్లెక్కారు. అండర్ సెక్రటరీగా రిటైరైనా ఆయన గొంతు రిటైరవలేదు. “ఏంటమ్మా, కచేరీ పెట్టారు! బావుంది, బావుంది. గురువారం మా తమ్ముడు హైదరాబాద్ పోతున్నాడు. వాడికి రెండు కిలోలు కావాలి. ఆ పొద్దున్నే వేపింది అయితే తప్ప పట్టుకెళ్ళనంటాడు. ఎన్నింటికి రమ్మంటారు?”

కొట్లో అందరూ ఆవిడ వైపు చూశారు. ఎప్పటిలాగే తల ఊపి ఊరుకుంటుందేమోనని శరణ్య జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. కాంతమ్మ చెయ్యెత్తి ఆపింది. గరిటె పక్కన పెట్టి కౌంటరు దాకా నడిచి వచ్చింది.

“గురువారం పొద్దున్న వాయి వెయ్యను కేశవరావు గారూ,” అంది, మెట్ల దాకా వినపడేలా. “ఎడమ చెవి వినపడ్డం లేదు. డాక్టరుకి చూపించుకోవడానికి వెళ్తున్నాను. బుధవారం సాయంత్రం వేపి ఉంచుతాను, వచ్చి తీసుకెళ్ళండి.”